మేకు దిగిన తర్వాత

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి. చిట్యాల దాటాక ఒక మోటార్‌సైకిల్ రోడ్డు పక్కకు దిగి ఆగింది. నూట యాభై సీసీ బండి, వెనక సీట్లో భార్య, ట్యాంకు మీద సంచి. కొద్దిసేపటి నుంచి బండి వెనక భాగం అటూ ఇటూ జారుతున్నట్టు అనిపిస్తోంది. సెంటర్ స్టాండు వేసి వెనక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పితే, టైరు గాడి పక్కన మెరుస్తూ మేకు తల కనిపించింది. గాలి సగం దిగిపోయింది, కానీ మొత్తం పోలేదు.

బండాయన ముందు చేయబోయిన పని మేకు పీకడం. దాబా దగ్గర దొరికిన ఫోన్ నంబరుకు కాల్ చేస్తే పంక్చర్ షాపతను ఆపాడు. "మొల పీకకుండ్రి సార్. ఎంత గాలి పోయిందో చూస్కొని, గట్లనే మెల్లగా తీస్కరాండ్రి" అన్నాడు.

ఇలాంటి ఘటన మన రోడ్ల మీద రోజూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది. షాపతను ఇచ్చిన ఆ చిన్న సలహాలో ట్యూబ్‌లెస్ టైరు గుట్టంతా ఉంది. అదే పాత పద్ధతి ట్యూబు టైరు అయి ఉంటే ఆ సలహా చెల్లదు. ఎందుకు చెల్లదో తెలియాలంటే గాలి ఎక్కడ నిలుస్తుందో చూడాలి.

గాలి నిలిచేది ఎక్కడ?

ట్యూబు ఉన్న టైరులో గాలిని పట్టి ఉంచేది లోపలి ట్యూబు. పైన ఉండే టైరు దానికి చొక్కా లాంటిది. మేకు టైరు దాటి ట్యూబులో దిగిందంటే, పలచటి ఆ రబ్బరు సాగి ఉంటుంది కాబట్టి రంధ్రం వెంటనే పెద్దదవుతుంది. ఒక్కోసారి చిరుగుతుంది కూడా. బయటికొచ్చిన గాలికి రిమ్ములో దారులు చాలానే ఉంటాయి. వాల్వు కోసం తొలిచిన రంధ్రం ఒకటి, చువ్వలు బిగించిన రంధ్రాలు ముప్పై ఆరో నలభయ్యో. అందుకే ట్యూబు పేలితే కొన్ని క్షణాల్లో చక్రం నేల కరుస్తుంది.

ట్యూబ్‌లెస్ టైరులో విడిగా ట్యూబు లేదు. టైరు లోపలి గోడకే గాలిని బయటికి పోనివ్వని బ్యూటైల్ రకం రబ్బరు పొర అతికి ఉంటుంది. టైరు రెండు అంచుల్లోనూ ఉక్కు తీగ పోగులు దాచిన గట్టి కట్టు ఉంటుంది. దాన్ని మెకానిక్కులు బీడు అంటారు. గాలి నింపగానే ఈ బీడు రిమ్ము అంచుకు అదుముకుని కూర్చుంటుంది. అంటే టైరూ రిమ్మూ కలిసి మూత పెట్టిన ఒకే డబ్బా అయిపోయాయన్నమాట. అందులో మేకు దిగితే చుట్టూ ఉన్న మందపాటి రబ్బరు మేకును గట్టిగా పట్టుకుంటుంది. గాలి సన్నగా, నెమ్మదిగా పోతుంది. మేకే ఆ రంధ్రానికి బిరడా. అందుకే దాన్ని పీకొద్దన్నాడు షాపతను. చేతిలో సామాను సిద్ధంగా లేకుండా మేకు పీకితే బిరడా తీసేసినట్టే.

ఈ సలహాకు ఒక హద్దు ఉంది. టైరు పూర్తిగా చదునైపోతే ఇక తొక్కించకూడదు. గాలి లేని టైరు మీద బండి నడిస్తే పక్కగోడలు మడతపడి, రాసుకుని, వేడెక్కి లోపలి పొర నలుగుతుంది. అలా నడిచిన టైరును ఊడదీస్తే లోపల నల్లటి రబ్బరు పొడి రాలుతుంది. ఆ పొడి కనిపించిన టైరుకు రంధ్రం పూడ్చినా లాభం లేదు, పక్కగోడ బలం పోయింది కాబట్టి మార్చాల్సిందే.

చువ్వల చక్రం, అల్లాయ్ చక్రం

రోడ్డు పక్కన నిలబడి పంక్చర్ వేసుకోగలమా లేదా అన్నది టైరుతో పాటు రిమ్ము కూడా తేలుస్తుంది. చువ్వల రిమ్ములో ప్రతి చువ్వ కొసనా నిప్పల్ అనే చిన్న నట్టు రిమ్ము మధ్య గుండా బయటికొస్తుంది. అన్ని రంధ్రాలున్న రిమ్ముతో గాలి డబ్బా కట్టలేం. అందుకే బుల్లెట్ లాంటి బండ్లకు ఇన్నేళ్లూ ట్యూబే గతి అయింది. అల్లాయ్ చక్రం అలా కాదు. అల్యూమినియంలో సిలికాన్ కలిపి కరిగించి, అచ్చులో పోసి ఒకే ముక్కగా తీసిన చక్రం అది. వాల్వు రంధ్రం తప్ప మరో రంధ్రం ఉండదు కాబట్టి ట్యూబ్‌లెస్ టైరుకు అది సహజంగా సరిపోయింది.

రంధ్రాల చిక్కును దాటిన చువ్వల చక్రాలూ వచ్చాయి. బీఎండబ్ల్యూ జీఎస్ బండ్లలో చువ్వల్ని రిమ్ము మధ్యలో కాకుండా రెండు అంచుల దగ్గర, బీడు కూర్చునే చోటుకి బయట బిగిస్తారు. గాలి గదిని చువ్వలు తాకనే తాకవు. మన దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ 2023లో తెచ్చిన హిమాలయన్ 450కి కూడా తర్వాత ట్యూబ్‌లెస్ చువ్వల చక్రాలు అదనపు ధరకు ఇవ్వడం మొదలైంది. కొండదారుల్లో తిరిగేవాళ్లు వాటికోసం అంతగా అడగడానికి కారణం ఉంది. గతుకుల్లో చువ్వల చక్రానికున్న ఓపిక పోతపోసిన చక్రానికి లేదు.

ఆ ఓపిక ఎక్కడిదో చూద్దాం. చువ్వ సన్నటి ఉక్కు తీగ. దాన్ని నిలబెట్టి పైన బరువు పెడితే వంగిపోతుంది. చక్రంలో మాత్రం ప్రతి చువ్వనూ ముందే బాగా లాగి బిగిస్తారు. బండి బరువు పడినప్పుడు కింద ఉన్న చువ్వల బిగువు కొద్దిగా తగ్గుతుంది, చక్రం తిరిగి అవి పైకి వెళ్లగానే మళ్లీ బిగుసుకుంటాయి. గుంటలో పడినప్పుడు ఈ అల్లికంతా కొంచెం సాగి దెబ్బను పంచుకుంటుంది. రిమ్ము వంకర పోయినా ఆశ ఉంటుంది. ఒకవైపు చువ్వల నిప్పళ్లు కొద్దికొద్దిగా బిగిస్తూ, రెండోవైపు వదులు చేస్తూ మెకానిక్ దాన్ని మళ్లీ వరసలోకి తెస్తాడు. "రిమ్ము ఔటొచ్చింది, ఔటు తియ్యాలి" అని షాపుల్లో వినిపించేది ఈ పని గురించే.

చువ్వల ఆరోగ్యం ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చు. చక్రాన్ని పైకి లేపి, చిన్న స్పానరుతో ఒక్కో చువ్వనూ సుతారంగా కొట్టుకుంటూ వెళ్లాలి. బిగువున్న చువ్వ టింగుమని మోగుతుంది. వదులైనది మొద్దు శబ్దం చేస్తుంది. ఒక చువ్వ తెగితే దాని బరువు పక్కవాటి మీద పడుతుంది. అలా వదిలేస్తే అవీ ఒక్కొక్కటే తెగుతాయి. తెగిన చువ్వను ఆ వారంలోనే మార్పించాలి.

అల్లాయ్ చక్రానికి ఇంత సేవ అక్కర్లేదు. చువ్వలు బిగించే పని లేదు, తుడవడం తేలిక, గాలి తగ్గినా నెమ్మదిగానే తగ్గుతుంది. రోజూ ఊరి రోడ్ల మీద ఆఫీసుకు వెళ్లొచ్చే బండికి అదే మేలు. దెబ్బ గట్టిగా తగిలిందంటే మాత్రం దానికి రెండే దారులు. అంచు సొట్టపోతుంది, లేదా పగులు పడుతుంది. సొట్టపోయిన చోట బీడు సరిగ్గా ఆనదు కాబట్టి గాలి కొద్దికొద్దిగా పోతూ ఉంటుంది. రెండు రోజులకోసారి గాలి కొట్టించుకుంటూ, ఎంత వెతికినా మేకు దొరకని బండ్లలో చాలావాటి జబ్బు ఇదే. సబ్బునీళ్లు రిమ్ము అంచు వెంట పోస్తే బుడగలు అక్కడే లేస్తాయి.

పగిలిన అల్లాయ్‌ని వెల్డింగ్ చేసి రంగేసి ఇచ్చే షాపులు ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. తయారీలో ఆ లోహానికి బలం వచ్చేది కొలిచి వేడిచేసి, చల్లార్చి, మళ్లీ కాల్చడం వల్ల. వెల్డింగ్ మంట తగిలిన చోట ఆ బలం పోతుంది. రంగు కింద అది కనపడదు. అంచున చిన్న సొట్ట సరిచేయించుకోవడం వేరు, చక్రం కాడల దగ్గర పడిన పగులు వేరు. పగిలిన చక్రాన్ని తీసి పక్కన పెట్టేయాలి.

రోడ్డు పక్కన పావుగంట

చిట్యాల దగ్గర ఆగిన బండి దగ్గరికి వద్దాం. అల్లాయ్ చక్రం, ట్యూబ్‌లెస్ టైరు. బండాయన సీటు కింద కొన్ని వందల రూపాయలు పెట్టి కొన్న పంక్చర్ కిట్టు ఉంది కానీ ఎప్పుడూ విప్పి చూడలేదు. అందులో ఉండేవి కొన్నే. గరుకు మర ఉన్న ఆకురాయి సూది, దానికి పిడి. ముందు చీలిక ఉన్న కన్నం సూది, దానికీ పిడి. జిగురు పూసిన, వేలెడంత పొడవున్న రబ్బరు పురులు. వాటినే షాపుల్లో స్ట్రిప్పులంటారు. చిన్న గొట్టంలో రబ్బరు సొల్యూషన్, ఒక కత్తి. వీటికి తోడు పటకారు, గాలి నింపే సాధనం కావాలి. బండి బ్యాటరీతో నడిచే చిన్న పంపు గానీ, కాలితో తొక్కే పంపు గానీ చాలు. బీడు రిమ్మును వదలనంతవరకూ చిన్న పంపుతోనే టైరు నిండుతుంది. బీడు ఊడి లోపలికి జారితే మాత్రం షాపులోని పెద్ద కంప్రెసర్ ఒక్కసారిగా ఊదితే గానీ అది తిరిగి కూర్చోదు. చదునైన టైరు మీద నడపకూడదనడానికి ఇది రెండో కారణం.

మొదటి పని చోటు చూసుకోవడం. వాహనాలు పోయే తెల్లగీతకు వీలైనంత దూరంగా, గట్టి నేల మీద బండి నిలపాలి. కారైతే హజార్డ్ లైట్లు వేసి, త్రికోణపు హెచ్చరిక బోర్డు వెనక బాగా దూరంలో పెట్టాలి. కారుకు జాకీ వేయాల్సిన అవసరం చాలాసార్లు రాదు. ముందు చక్రమైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు ముఖం బయటికొస్తుంది. వెనక చక్రమైతే మేకు చేతికందే చోటుకు వచ్చేదాకా కారును అంగుళం అంగుళం జరిపితే సరిపోతుంది.

మేకు పీకే ముందు అది ఎక్కడ దిగిందో చూడాలి. రోడ్డును తాకే నడుమ భాగంలో అయితే పురి వేయవచ్చు. పక్కగోడలో గానీ, నడుమ భాగం పక్కగోడలోకి వంగే భుజంలో గానీ అయితే పురి వేయకూడదు. బండి నడిచేటప్పుడు ఆ భాగం ప్రతి చుట్టుకూ వంగి లేస్తుంది. అక్కడ ఏ పురీ నిలవదు. రంధ్రం మందం కూడా ముఖ్యమే. ఆరు మిల్లీమీటర్లు దాటిన రంధ్రాన్ని పూడ్చగలిగే పని కాదని టైరు రంగంలో సాధారణంగా పాటించే లెక్క. మామూలు మేకు, స్క్రూ దానికి లోపలే ఉంటాయి. ఇనుప ముక్క కోసిన గీత ఉండదు.

ఇప్పుడు పటకారుతో మేకు పట్టి పీకాలి. పీకుతున్నప్పుడు అది ఏ వాలులో బయటికొస్తోందో కళ్లారా గమనించడం అవసరం. మేకు ఎప్పుడూ నిటారుగా దిగదు. వాలుగా దిగితే బయటి రంధ్రం నడుమన ఉన్నా, లోపలి రంధ్రం భుజం దగ్గర తేలవచ్చు. తర్వాత పోనిచ్చే సూదులు రెండూ అదే వాలులో వెళ్లాలి. నిటారుగా పొడిస్తే కొత్త రంధ్రం పడుతుంది, పాతది అలాగే ఉండిపోతుంది.

గాలి సుయ్యిమంటోంది. ఆకురాయి సూదిని ఆ వాలులోనే దించి నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడించాలి. చాలామంది జాలిపడి ఆగిపోయే చోటు ఇది. ఉన్న రంధ్రాన్ని ఇంకా పెద్దది చేస్తున్నామే అనిపిస్తుంది. కానీ నున్నగా ఉన్న గోడకు పురి అంటదు. గరుకైతేనే పట్టు దొరుకుతుంది. రేడియల్ టైరయితే తెగిన ఉక్కు తీగల కొసలు లోపల నిలబడి ఉంటాయి. వాటిని చదును చేయకపోతే అవే పురిని కోస్తాయి. అయినా అతిగా రుద్దకూడదు, సూది తేలిగ్గా జారడం మొదలవగానే ఆపాలి.

కన్నం సూదిలోకి పురిని దూర్చి, రెండు కొసలూ సమానంగా వేలాడేలా సర్దాలి. పైన సొల్యూషన్ పూయాలి. అది జారడానికీ పనికొస్తుంది, తర్వాత రబ్బరును రబ్బరుతో అతికించడానికీ పనికొస్తుంది. ఇప్పుడు బలం చూపాలి. బండిని ఒకరు గట్టిగా పట్టుకుంటే, మరొకరు రెండు చేతులతో పిడి మీద బరువంతా మోపి సూదిని లోపలికి తోయాలి. పురి కొసలు బయట సుమారు ఒక సెంటీమీటరు మిగిలేదాకా తోసి, ఆపి, మెలితిప్పకుండా సూదిని ఒక్క ఊపున వెనక్కి లాగేయాలి. సూది ముందున్న చీలిక గుండా పురి జారిపోయి లోపలే ముడిలా నిలుస్తుంది. నెమ్మదిగా లాగితే పురి కూడా సూదితో పాటు బయటికొచ్చేస్తుంది. తొలిసారి చేసేవాళ్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

బయట మిగిలిన కొసల్ని రెండు మూడు మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించాలి. కత్తిరించేటప్పుడు పట్టి లాగకూడదు. గాలి నింపి, సీసాలో నీళ్లు ఉంటే కాస్త సబ్బు కలిపి, లేదంటే ఉమ్మి తడిచేసి చూడాలి. బుడగ లేవకపోతే పని అయినట్టే. బుడగ లేస్తే పక్కనే రెండో పురి వేయవచ్చు. రెండుకీ ఆగకపోతే రంధ్రం పురికి లొంగేది కాదని అర్థం, బండిని ఎత్తించుకుని వెళ్లాలి. వాల్వు మూత తీసి అక్కడా ఒక చుక్క సబ్బునీళ్లు వేయడం మరిచిపోకూడదు. మేకు దిగినచోట బాగుచేసి, వాల్వు పిన్ను కారుతున్న సంగతి చూసుకోక మళ్లీ పది కిలోమీటర్లకు ఆగినవాళ్లున్నారు.

చిట్యాల దగ్గర ఆ ఇద్దరికీ ఇదంతా చేయడానికి పాతిక నిమిషాలు పట్టింది. అలవాటైన షాపతనికి ఐదు నిమిషాల పని. అదే చువ్వల చక్రం, ట్యూబు టైరు అయి ఉంటే చక్రం ఊడదీయాలి, గొలుసు తప్పించాలి, రేకులతో టైరు అంచు ఎత్తాలి, ట్యూబు లాగి అతుకు వేయాలి. సామాను లేనివాళ్లు రోడ్డు పక్కన చేయగలిగిన పని కాదది.

షాపులో వేయించుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. ఒక్క మేకుకు నాలుగు పంక్చర్లు చూపించి నాలుగింటి డబ్బు తీసుకున్నారన్న ఫిర్యాదు హైవేల మీద పాతదే. సూది పొడవక ముందే ప్రతి రంధ్రం దగ్గరా బుడగ చూపించమని అడిగితే చాలు. నిజాయతీ ఉన్న పనివాడు అడగకుండానే చూపిస్తాడు.

పురి వేశాక ఎంతదూరం?

ఈ పురికి బలమెంత అన్న దాని మీద బండివాళ్లలో ఎడతెగని వాదన నడుస్తుంటుంది. ఒకే పురి మీద టైరు అరిగిపోయేదాకా తిరిగినవాళ్లు లేకపోలేదు. అయినా టైరు నిపుణులు దీన్ని తాత్కాలిక మరమ్మతుగానే లెక్కవేస్తారు. కారణం సులభం. పురి వేసినవాడు టైరు లోపలి వైపు చూడలేదు. మేకు లోపల ఎంత దూరం గీరిందో, గాలి తగ్గిన టైరు మీద బండి నడిచినప్పుడు పక్కగోడ ఎంత నలిగిందో బయటి నుంచి తెలియదు. పైగా పురి పక్కన నీరు ఊరితే లోపలి ఉక్కు తీగలకు తుప్పు పడుతుంది.

అందుకే పురి వేసుకున్నాక గంటకు ఎనభై కిలోమీటర్లు దాటకుండా ఊరు చేరి, టైరు ఊడదీయించి చూడాలి. లోపల బాగుంటే గొడుగు ఆకారంలో ఉండే అతుకు వేస్తారు. దాని కాడ రంధ్రాన్ని నింపుతుంది, తల లోపలి పొరకు అతుక్కుని గాలిని ఆపుతుంది. శాశ్వతమైన మరమ్మతు అదే. సీసాలో వచ్చే సీలెంట్ ద్రవం ముందే పోసి ఉంటే ఆ సంగతి షాపతనికి చెప్పాలి. అది లోపల జిగటగా పరుచుకుని ఉంటే అతుకు అంటదు, శుభ్రంగా తుడిచాకే వేయాలి.

కార్ల విషయంలో కిట్టు ప్రాముఖ్యం ఇప్పుడు పెరిగింది. టైరు గాలిని కనిపెట్టి చెప్పే ఏర్పాటు, ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని కేంద్ర రవాణా శాఖ 2020లో నిబంధన సవరించింది. కొత్త కారు డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో కొన్నరోజే చూసుకోవాలి.

ఊడదీసిన టైరు, వణికే స్టీరింగ్

టైరు ఊడదీసి అతుకు వేయించుకున్నాక కథ ముగిసిందని అందరూ అనుకుంటారు. చాలా కార్లలో అసలు చికాకు అప్పుడే మొదలవుతుంది. ఊళ్లో బాగానే నడిచిన కారు, హైవే ఎక్కి ఎనభై దాటగానే స్టీరింగ్ సన్నగా వణకడం మొదలుపెడుతుంది. అతుకు బరువు వల్ల అనుకుంటారు. అతుకైనా పురి అయినా బరువు కొన్ని గ్రాములే. తప్పు వేరే చోట ఉంది.

ఏ టైరూ చుట్టూ సమానమైన బరువుతో తయారుకాదు. రిమ్మూ అంతే. ఎక్కడో ఒకచోట కొంచెం బరువు ఎక్కువ ఉంటుంది. కొత్త కారులో ఆ తేడాకు సరిగ్గా ఎదురుగా రిమ్ముకు చిన్న బరువులు తగిలిస్తారు. ఒక ఉదాహరణ చూద్దాం. టైరులోని ఎక్కువ బరువుకు ఎదురుగా రిమ్ము అంచున 20 గ్రాముల ముక్క అతికించి ఉందనుకుందాం. పంక్చర్ షాపులో టైరు ఊడదీసి, అతుకు వేసి, చేతికొచ్చినట్టు తిరిగి ఎక్కించారు. టైరు రిమ్ము మీద సరిగ్గా సగం చుట్టు జరిగి కూర్చుంది. ఇప్పుడు టైరు బరువూ, ఆ ముక్కా ఒకేవైపుకు వచ్చాయి. పోవాల్సిన 20 గ్రాముల తేడా 40 గ్రాములయింది.

నలభై గ్రాములంటే పది పన్నెండు రూపాయి నాణేల బరువు, ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. కారు వంద వేగంలో ఉన్నప్పుడు చక్రం సెకనుకు దాదాపు 15 చుట్లు తిరుగుతుంది. పదిహేను అంగుళాల రిమ్ము అంచున ఉన్న ఆ నలభై గ్రాములు అప్పుడు చక్రాన్ని ఆరు కిలోలకు పైగా బలంతో బయటికి గుంజుతాయి. ఒకసారి పైకి, ఒకసారి కిందికి, సెకనుకు పదిహేనుసార్లు. వేగం సగమైతే ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. యాభైలో తెలియని వణుకు వందలో చేతుల్ని తిమ్మిరెక్కించేది అందుకే.

దీనికి రెండు విరుగుళ్లున్నాయి. ఒకటి ఖర్చు లేనిది. టైరు ఊడదీయక ముందే, వాల్వుకు ఎదురుగా టైరు మీద సుద్దతో గీత గీయమని షాపతన్ని అడగాలి. తిరిగి ఎక్కించేటప్పుడు గీతను వాల్వు దగ్గరికే తెస్తే పాత లెక్క చాలావరకు అలాగే ఉంటుంది. కొత్త టైర్ల మీద ఫ్యాక్టరీలోనే పసుపు చుక్క ఒకటి పెడతారు, అది టైరు తేలికైన చోటుకు గుర్తు. దాన్ని వాల్వుకు ఎదురుగా పెట్టి ఎక్కిస్తారు.

రెండోది బ్యాలెన్సింగ్ యంత్రం. చక్రాన్ని ఇరుసుకు బిగించి, యంత్రానికి మూడు కొలతలు ఇస్తారు. యంత్రం నుంచి రిమ్ము ఎంత దూరం, రిమ్ము వెడల్పెంత, వ్యాసమెంత. ఆ తర్వాత చక్రం కొద్ది సెకన్లు వేగంగా తిరిగి ఆగుతుంది. తెర మీద రెండు అంకెలు వస్తాయి. లోపలి అంచుకు ఇన్ని గ్రాములు, బయటి అంచుకు ఇన్ని. కారు చక్రం వెడల్పుగా ఉంటుంది కాబట్టి బరువు తేడా పైకీ కిందికీ ఎగరేయడమే కాదు, చక్రాన్ని పక్కలకూ ఊపుతుంది. అందుకే రెండు అంచులకూ విడిగా లెక్క. సన్నటి మోటార్‌సైకిల్ చక్రానికి సాధారణంగా అంత అవసరం రాదు. ఇరుసు మీద వదులుగా తిరిగేలా నిలబెడితే బరువైన వైపు తనంతట తానే కిందికి దిగి ఆగుతుంది. పైన బరువు తగిలిస్తూ, ఎక్కడ వదిలినా అక్కడే నిలిచేదాకా సరిచేస్తారు. చువ్వల చక్రమైతే ఆ బరువును చువ్వ నిప్పల్ మీదే నొక్కి బిగిస్తారు.

యంత్రం దగ్గర నిలబడి చూసేవాళ్లు నాలుగు సంగతులు గమనించాలి. చక్రం బిగించే ముందు పాత బరువులన్నీ తీశారా? రిమ్ము లోపల ఎండిన బురద కడిగారా? వానాకాలంలో బురదలో నిలిపిన కారుకు ఒక్కోసారి ఇదొక్కటే జబ్బు. కడిగితే వణుకు పోతుంది. బరువులు అతికించే చోట రిమ్మును తుడిచి ఆరబెట్టారా? మట్టి మీద అతికించిన ముక్క వారంలో రాలిపోతుంది. చివరగా, బరువులు పెట్టాక రెండోసారి తిప్పి రెండు వైపులా సున్నా చూపించారా? ఈ రెండో తిప్పుడు ఎగ్గొట్టే షాపులే ఎక్కువ. అది చూపించకుండా డబ్బు ఇవ్వనక్కర్లేదు.

చక్రం యంత్రం మీద తిరుగుతుండగా రిమ్ము అంచుకు దగ్గరగా సుద్దముక్క పట్టి చూడమనాలి. సందు ఒకచోట తగ్గి ఒకచోట పెరుగుతుంటే రిమ్ము వంకరపోయింది. వంకర రిమ్ముకు ఎన్ని గ్రాములు అతికించినా వణుకు ఆగదు.

బ్యాలెన్సింగ్‌నూ అలైన్‌మెంట్‌నూ ఒకటే అనుకుని డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ఒక వేగంలో మాత్రమే వచ్చి, ఇంకా పెంచితే తగ్గే వణుకు బ్యాలెన్సింగ్‌ది. స్టీరింగ్ వదిలితే కారు ఒకవైపుకు లాగినా, టైరు ఒక అంచునే అరిగినా అలైన్‌మెంట్ చూడాలి. బ్రేకు తొక్కినప్పుడే వణికితే ఈ రెండూ కాదు, బ్రేకు డిస్కు చూపించాలి. వణుకు స్టీరింగులో తెలిస్తే ముందు చక్రాల నుంచీ, సీటులో తెలిస్తే వెనక చక్రాల నుంచీ వెతకడం మొదలుపెట్టాలి.

తర్వాతి ప్రయాణానికి ముందు పాఠకులు చేయాల్సిన పని ఒకటుంది. టైరు పక్కగోడ మీద ట్యూబ్‌లెస్ అని అచ్చు ఉందో లేదో చూడండి. ఉంటే సీటు కిందో, డిక్కీలోనో ఉన్న పంక్చర్ కిట్టు విప్పి, సొల్యూషన్ గొట్టాన్ని వేలితో నొక్కండి. ఒకసారి మూత తీసిన గొట్టం కొన్ని నెలల్లో లోపలే గట్టిపడిపోతుంది. మెత్తగా లేకపోతే కొత్తది కొని పెట్టుకోండి.